గల్ఫ్ డబ్బు, రూపాయి బలం, రొయ్యల కంటైనరు లెక్క

ప్రశ్న: మాది గాజువాక. దువ్వాడ దగ్గర ఓ ప్లాంటులో జాబ్ వర్కుకి ఇచ్చి, రొయ్యలు ప్యాక్ చేయించి నెలకి ఒకటో రెండో కంటైనర్లు బయటి దేశాలకి పంపుతుంటాను. మా తమ్ముడు దుబాయ్‌లో ఉంటాడు, నెలనెలా అమ్మ పేరు మీద డబ్బు పంపుతాడు. మొన్న ఒక మీటింగులో ఒకాయన, "మీ ఎన్నారైలు పంపే డాలర్ల వల్లే రూపాయి గట్టిపడి ఎగుమతిదారులం నష్టపోతున్నాం" అన్నారు. టీవీలో చూస్తే రూపాయి ఏటికేడు పడిపోతూనే ఉంది. ఇందులో ఏది నిజం? మధురవాడలో అద్దెలు ఇంతలా పెరగడానికీ దీనికీ సంబంధం ఉందా? నా వ్యాపారంలో నేను చూసుకోవాల్సింది ఏమిటి?

— ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: ఆయన చెప్పినదీ నిజమే, టీవీలో మీరు చూసినదీ నిజమే. రూపాయి బలాన్ని టీవీలో కనిపించే డాలరు రేటులో వెతికితే మాత్రం అది దొరకదు. మీ లాభాన్ని తినేసేది చాలావరకు వేరే దారిలో వస్తుంది. ముందు మీ తమ్ముడి డబ్బు వెంటే వెళ్దాం.

ఆయన నెలకి 3,000 దిర్హాములు పంపుతున్నారనుకుందాం. 1997 నుంచీ దిర్హాము డాలరుకి 3.6725 దగ్గర కట్టేసి ఉంది కాబట్టి అది దాదాపు 817 డాలర్లు. దుబాయ్‌లోని ఎక్స్ఛేంజ్ కౌంటరు ఆ దిర్హాములు తీసుకుంటుంది. మన దేశంలోని ఏదో ఒక బ్యాంకులో దానికి రూపాయల ఖాతా ఉంటుంది. మీ అమ్మగారి ఖాతాలో పడే సొమ్ము అందులోంచే వస్తుంది. ఆ ఖాతా ఖాళీ కాకుండా ఉండాలంటే ఎక్స్ఛేంజ్ సంస్థ అదే బ్యాంకుకి డాలర్లు అమ్మి రూపాయలు నింపుతూ ఉండాలి. బ్యాంకు కూడా ఆ డాలర్లని తన దగ్గర దాచుకోదు, అదే రోజు మార్కెట్లో అమ్మేస్తుంది. కొనేది ముడిచమురు తెచ్చే కంపెనీ కావచ్చు, బంగారం దిగుమతి చేసే వ్యాపారి కావచ్చు. మీ కంటైనరుకి వచ్చిన డాలర్లు కూడా అదే మార్కెట్లో, అదే రోజు అమ్ముడవుతాయి. అక్కడ మీరూ మీ తమ్ముడూ ఇద్దరూ డాలర్లు అమ్మేవాళ్లే. అమ్మేవాళ్లు పెరిగితే సరుకు ధర తగ్గుతుంది. ఇక్కడ సరుకు డాలరు, అంతే.

మరి రూపాయి ఎందుకు పడుతోంది? కొనేవాళ్లు ఇంకా ఎక్కువగా ఉన్నారు కాబట్టి. 2024-25లో మన సరుకుల దిగుమతులు ఎగుమతుల కంటే దాదాపు 287 బిలియన్ డాలర్లు ఎక్కువ. విదేశాల్లో ఉన్నవాళ్లు పంపింది దాదాపు 135 బిలియన్లు, అంటే ఆ లోటులో సగానికి కాస్త తక్కువ. సాఫ్ట్‌వేర్ లాంటి సేవల ఆదాయం మరో పెద్ద భాగాన్ని పూడ్చింది. వీటికి మిగతా చిన్నా చితకా పద్దులు కలిపాక మిగిలిన లోటు, అంటే బయటి దేశాలతో మన మొత్తం రాబడికీ ఖర్చుకీ తేడా అయిన కరెంటు ఖాతా లోటు, 23 బిలియన్లే. ఆ 135 బిలియన్లు రాకపోయి ఉంటే లోటు 150 బిలియన్లు దాటేది, రూపాయి ఇప్పటికంటే బాగా కిందికి పోయేది. కాబట్టి ఆ పెద్దమనిషి మాటని కాస్త సరిచేసి చదువుకోండి: ప్రవాసుల డబ్బు రూపాయిని పైకి లేపడం లేదు, పడాల్సినంత పడనివ్వడం లేదు. ఎగుమతిదారుకి ఈ రెండూ ఒక్కటే. రావాల్సిన రేటు రాకపోవడమూ నష్టమే.

మధ్యలో రిజర్వు బ్యాంకు కూడా ఉంది. డాలర్లు ఎక్కువగా వచ్చి పడినప్పుడు అది కొని నిల్వల్లో వేసుకుంటుంది, అందువల్ల రేటు మరీ కిందికి పోదు. కొన్నందుకు మార్కెట్లోకి రూపాయలు వదలాలి కదా. వాటిని బాండ్లు అమ్మో, బ్యాంకుల దగ్గర్నుంచి తాత్కాలికంగా తీసుకునో వెనక్కి లాగుతుంది. అలా లాగినా లాగకపోయినా మీ అమ్మగారి ఖాతాలో పడ్డ రూపాయలు మాత్రం అక్కడే ఉంటాయి. ఆవిడ ఖర్చు పెడతారు. రెండో దారి ఇక్కడ మొదలవుతుంది, మీకు అసలు దెబ్బ కూడా ఇక్కడే.

వచ్చిన సొమ్ముని ఇళ్లల్లో దేనికి ఖర్చు పెడతారో చూడండి. కొంత ఫోన్లకీ టీవీలకీ బంగారానికీ పోతుంది. వీటి ధర లోకంలో ఎంతుంటే ఇక్కడా అంతే ఉంటుంది. విశాఖలో పది వేల మంది ఎక్కువగా కొన్నా వాటి ధర కదలదు, ఇంకో కంటైనరు దిగుమతి అవుతుంది, అంతే. మిగతాది స్థలానికి, ఇల్లు కట్టడానికి, అద్దెకి, స్కూలు ఫీజుకి, ఆసుపత్రికి, ఇంట్లో పనిమనిషికి పోతుంది. వీటిని ఓడలో తెప్పించుకోలేం. మధురవాడలో స్థలం ఉన్నదే ఉంటుంది. టైల్సు వేసే మేస్త్రి ఒకే రోజు రెండు ఇళ్లలో పని చేయలేడు. అందుకని వీటి ధరలే పెరుగుతాయి. డాలరు రేటు ఒక్క పైసా కదలకపోయినా, బయటి దేశాల ధరలతో పోలిస్తే మన ఊరి ధరలు పెరిగాయంటే మన డబ్బు బలపడ్డట్టే లెక్క. ఆర్థికవేత్తలు వాస్తవ మారకపు రేటు పెరిగిందనేది దీన్నే.

ఇది పుస్తకాల సంగతే కాదు. రిజర్వు బ్యాంకు 40 దేశాల కరెన్సీలతో, ధరల తేడాలు కూడా కలుపుకొని, ఆర్‌ఈఈఆర్ అనే సూచీని నెలనెలా ప్రకటిస్తుంది. 2015-16ని 100గా పెట్టుకున్న సూచీ అది. 2024 నవంబరులో అది 108 దాటి రికార్డుకి చేరింది. అదే నెలలో డాలరు 84 రూపాయలు దాటి, అప్పటికి రూపాయి చరిత్రలోనే అత్యంత బలహీనంగా ఉంది. టీవీ లెక్కలో రికార్డు పతనం, సూచీలో రికార్డు బలం, రెండూ ఒకే నెలలో! అప్పుడు డాలరు అందరి మీదా పెరిగింది. మిగతా దేశాల కరెన్సీలు మనకంటే ఎక్కువ పడ్డాయి, మన ధరలు వాళ్లకంటే ఎక్కువ పెరిగాయి. రూపాయి పడకుండా రిజర్వు బ్యాంకు ఆ రోజుల్లో డాలర్లు అమ్మింది కూడా, కాబట్టి తప్పంతా ప్రవాసుల డబ్బు మీద నెట్టడం న్యాయం కాదు. అయితే రొయ్యలు, బట్టలు ఎగుమతి చేసేవాళ్లు "డాలరు పెరిగింది, మాకేం మిగల్లేదు" అని ఎందుకు గొణిగారో ఈ అంకె చూస్తే తెలుస్తుంది.

రెండో దారిని స్పష్టంగా చూడాలంటే కేరళని చూడాలి. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో దేశానికి వచ్చిన ప్రవాసుల సొమ్ములో దాదాపు 20 శాతం కేరళకి, 8 శాతం తెలంగాణకి, 4 శాతం పైచిలుకు మన రాష్ట్రానికి చేరింది. కేరళకి సొంత కరెన్సీ లేదు కాబట్టి అక్కడ మారకపు రేటు పెరగడం అనేదే ఉండదు. జరిగేదంతా కూలీలోనూ స్థలాల ధరల్లోనూ బయటపడాలి. బయటపడింది కూడా. 2022-23లో గ్రామీణ నిర్మాణ కూలీ రోజు వేతనం దేశ సగటున 393 రూపాయలైతే కేరళలో 852. చదువు, యూనియన్ల బలం కూడా దీనికి కారణాలే, కానీ గల్ఫ్ డబ్బుతో లేచిన ఇళ్ల నిర్మాణం లేకుండా ఇంత తేడా రాదు. దాని ఫలితం చేతిపని మీద నడిచే ఎగుమతి పరిశ్రమ మీద పడింది. కొల్లంలో జీడిపప్పు ఫ్యాక్టరీలు చాలా మూతపడటానికి ముఖ్య కారణాల్లో కూలి ఖర్చు ఒకటి. పప్పు అమ్ముడయ్యే ధర లోకంలో ఎక్కడో నిర్ణయమవుతుంది, గింజ ఒలిచే కూలి మాత్రం పక్క వీధిలో ఇల్లు కట్టేవాడు ఎంతిస్తాడో దాన్ని బట్టి నిర్ణయమవుతుంది. మీ రొయ్యలు ఒలిచే పీలింగ్ షెడ్డు లెక్క కూడా అచ్చం ఇదే.

విశాఖకి వస్తే మధురవాడ అద్దెలని గల్ఫ్ ఖాతాలో పూర్తిగా వేయకండి. ఐటీ ఆఫీసులు, భోగాపురం విమానాశ్రయం, పెద్ద ప్రాజెక్టుల ప్రకటనలు చూసి కొనేవాళ్లు ఇక్కడ ఎక్కువ. అమెరికాలో ఉన్న పిల్లలు తల్లిదండ్రుల కోసం కొనే ఫ్లాట్లూ ఉన్నాయి, అది కూడా ప్రవాసుల డబ్బే. మీ వీధిలో ఏది పనిచేస్తోందో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. అద్దె, మేస్త్రి కూలి, ట్యూషన్ ఫీజు వేగంగా పెరుగుతూ, ఫోన్లూ ఫ్రిజ్‌లూ పెరగకుండా ఉంటే స్థానిక గిరాకీ పనిచేస్తోందని అర్థం. రెండూ కలిసి పెరుగుతుంటే అది మామూలు ద్రవ్యోల్బణం లేదా రూపాయి పతనం. కూలి విషయంలో కేరళ మనకి అప్పుడే రాదు. ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ పనివాళ్లు వస్తూ ఉన్నన్నాళ్లు పెరుగుదలకి కొంత పట్టు ఉంటుంది. స్థలానికి అలాంటి పట్టు ఏమీ లేదు.

ఇప్పుడు మీ కంటైనరు లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకి వేసుకున్నవి, మీవి పెట్టి మళ్లీ చేసుకోండి. ఇన్వాయిస్ 1,20,000 డాలర్లు. అందులో ఓడ కిరాయి లాంటి డాలర్లలో కట్టే ఖర్చు 6,000 పోతే చేతికి వచ్చేది 1,14,000 డాలర్లు. రూపాయల్లో ఖర్చు: పచ్చి రొయ్యలకి 82 లక్షలు; ప్లాంటు జాబ్ వర్కు, ఐసు, ప్యాకింగు, కోల్డ్ స్టోరేజి, లారీలు, జీతాలు, వడ్డీ కలిపి 14 లక్షలు; మొత్తం 96 లక్షలు. 96 లక్షలని 1,14,000తో భాగిస్తే 84 రూపాయల 21 పైసలు వస్తుంది. లాభం నష్టం లేని డాలరు రేటు అదే. డాలరు 88 ఉంటే మీకు 4 లక్షల 32 వేలు మిగులుతాయి. 86కి దిగితే 2 లక్షల 4 వేలే. రేటులో రెండు శాతం మార్పుకి మీ లాభంలో సగానికి పైగా పోయింది. ఒక్క రూపాయి కదిలితే 1 లక్షా 14 వేలు.

ఇప్పుడు డాలరుని 88 దగ్గరే ఉంచి, 14 లక్షల స్థానిక ఖర్చు ఏడాదిలో 8 శాతం పెరిగిందనుకోండి. ప్లాంటువాళ్లు జాబ్ వర్కు రేటు పెంచారు, గోడౌన్ అద్దె పెరిగింది, లారీ కిరాయి పెరిగింది. అదనపు ఖర్చు 1 లక్షా 12 వేలు, మీ బ్రేక్ ఈవెన్ రేటు 85 రూపాయల 19 పైసలకి ఎక్కింది. అంటే డాలరు దాదాపు ఒక రూపాయి తగ్గినంత నష్టం, టీవీలో ఏమీ కదలకుండానే జరిగిపోయింది. డాలరు 88 నుంచి 89కి పెరిగినా మీరు పోయిన ఏడాది ఉన్నచోటే ఉంటారు. మీటింగులో ఆయన చెప్పాల్సిన మాట ఇది.

పచ్చి రొయ్య ధర 82 లక్షల దగ్గర కదలకుండా ఉంచాను, అది పూర్తిగా నిజం కాదు. డాలరు తగ్గితే కొన్ని రోజుల్లోనే రైతుకిచ్చే కౌంటు ధరలు కిందికి దిగుతాయి, అప్పుడు భారంలో కొంత భీమవరం చెరువు గట్టు మీదికి పోతుంది. ఆ మార్పు కొత్తగా కొనే సరుకుకే వర్తిస్తుంది. పాత ధరకి కొని కోల్డ్ స్టోరేజిలో పెట్టుకున్న సరుకు మీద దెబ్బ మీదే. అంటే రొయ్య కొన్న రోజు నుంచి డాలర్లు చేతికొచ్చే రోజు దాకా, రెండు మూడు నెలలు, రేటు మార్పుకి మీరు ఒంటరిగా ఎదురు నిలబడతారు. జాగ్రత్త పడాల్సింది ఆ కాలంలోనే.

అందుకు ఉన్న మామూలు సాధనం ఫార్వర్డ్ కాంట్రాక్టు, అంటే కొన్ని నెలల తర్వాత డాలర్లు అమ్మే రేటుని బ్యాంకుతో ఇవాళే ఖాయం చేసుకోవడం. మన దేశంలో వడ్డీ రేట్లు అమెరికా కంటే ఎక్కువగా ఉన్నప్పుడు మూడు నెలల తర్వాతి డాలరు రేటు ఇవాళ్టి రేటు కంటే పైన ఉంటుంది, ఆ తేడానే ప్రీమియం అంటారు. ఏడాదికి 2 శాతం ప్రీమియం అనుకుంటే 88 రేటు మీద మూడు నెలలకి 44 పైసలు. ఎగుమతిదారుకి అది రాబడే కదా. చాలామంది సరుకు ఓడ ఎక్కాక బుక్ చేస్తారు. అప్పటికే నెల గడిచిపోతుంది. ఖర్చు ఖాయమయ్యేది రొయ్య కొన్న రోజున కాబట్టి రేటూ ఆ రోజే ఖాయం చేయండి. అయితే మొత్తం ఇన్వాయిస్‌కి కాదు, 60, 70 శాతానికే. ఎందుకంటే రేవులో యాంటీబయాటిక్ పరీక్షలో సరుకు ఆగిపోయినా, బయ్యరు ఆర్డరు తగ్గించినా డాలర్లు రావు, కాంట్రాక్టు మాత్రం నిలబడి ఉంటుంది. 88.44కి అమ్ముతానని ఒప్పుకున్నాక డాలరు 90కి పోయిన రోజున రద్దు చేయాల్సి వస్తే డాలరుకి 1 రూపాయి 56 పైసలు మీరే బ్యాంకుకి కట్టాలి. సరుకూ పోయి, పైన ఈ ఖర్చు కూడా.

సరుకు పంపేముందు బ్యాంకిచ్చే అప్పు, ప్యాకింగ్ క్రెడిట్, రూపాయల్లో తీసుకుంటున్నట్టయితే డాలర్లలో ఇచ్చే పీసీఎఫ్‌సీ గురించి మీ బ్యాంకుని అడగండి. డాలర్లు అప్పు తీసుకుని ఇవాళ్టి రేటుకి రూపాయలు చేసుకుని రొయ్యలు కొంటారు, బయ్యరు నుంచి వచ్చిన డాలర్లతోనే అప్పు తీరుతుంది. మధ్యలో రేటు ఏమైనా ఆ మేరకి మీకు సంబంధం లేదు. వడ్డీని మాత్రం ఫార్వర్డ్ ప్రీమియంతో కలిపి పోల్చుకోవాలి. డాలరు అప్పు తీసుకుంటే ఆ ప్రీమియం మీకు రాదు కాబట్టి, వడ్డీ తక్కువ అన్నంత మాత్రాన చవక అనుకోకండి. ఇక ఓడ కిరాయికి అవసరమైన 6,000 డాలర్లని రూపాయలు చేసి మళ్లీ డాలర్లు కొనే పని పెట్టుకోకండి, డాలర్లని డాలర్లుగానే ఉంచే ఈఈఎఫ్‌సీ ఖాతాలో ఉంచుకోండి. ఒక నెలలో జమ అయినదాన్ని తర్వాతి నెలాఖరు లోపు వాడాలి, లేదా రూపాయల్లోకి మార్చాలి. అందుకని అక్కడ డాలర్లు దాచిపెట్టి రేటు కోసం ఎదురుచూసే ఆట కుదరదు.

రూపాయి బలం గురించి ఇంత మాట్లాడుకుంటూ, బ్యాంకు మార్జిన్ దగ్గర కళ్లు మూసుకునేవాళ్లు చాలామంది. మార్కెట్ రేటుకీ మీకిచ్చిన రేటుకీ 30 పైసలు తేడా ఉంటే 1,20,000 డాలర్ల మీద 36,000 రూపాయలు. పెద్ద ఎగుమతిదారులు బేరం ఆడతారు, చిన్నవాళ్లు బ్యాంకు అందరికీ ప్రకటించే కార్డు రేటుకి సంతకం పెట్టి వచ్చేస్తారు. డాలర్లు అమ్మే గంటలో మార్కెట్ రేటు ఎంతుందో రాసిపెట్టుకుని, వచ్చిన రేటుతో పోల్చి చూడండి. క్లియరింగ్ కార్పొరేషన్ 2019లో ఎఫ్ఎక్స్-రిటైల్ అనే వేదికని తెరిచింది. మీ బ్యాంకు ద్వారా అందులో చేరితే మార్కెట్ రేటుకి దగ్గరగా అమ్ముకోవచ్చు, బ్యాంకు తన ఛార్జీ ఎంతో ముందే విడిగా చెప్పాలి.

పోటీదారుల మీదా ఒక కన్ను వేయండి. ఈక్వెడార్ 2000లోనే తన కరెన్సీని వదిలేసి డాలరుకి మారింది, కాబట్టి మారకపు రేటు వల్ల వాళ్లకి వచ్చే లాభమూ లేదు, నష్టమూ లేదు. వియత్నాం, ఇండోనేషియాలు అలా కాదు. వాళ్ల కరెన్సీ 5 శాతం పడి మనది 2 శాతమే పడితే, మన రూపాయి "పడిపోయింది" అని తెలిసిన అమెరికా బయ్యరు కూడా వియత్నాం ధర చూపించి డిస్కౌంటు అడుగుతాడు. ఆర్‌ఈఈఆర్ సూచీ రిజర్వు బ్యాంకు నెలవారీ బులెటిన్‌లో వస్తుంది. అది కొన్ని నెలలు వరసగా పెరుగుతుంటే కొత్త ఆర్డర్లకి ధర చెప్పేటప్పుడు డాలరు పెరుగుతుందన్న ఆశని లెక్కలో వేసుకోకండి.

మీ ఇంటి విషయం ఒకటి మిగిలింది. వ్యాపారం దెబ్బతిన్నా తమ్ముడి డబ్బు ఆదుకుంటుందని మీలాంటి కుటుంబాలు అనుకుంటాయి. రూపాయి బలపడిన ఏడాదిలో అది జరగదు. డాలరు 88 నుంచి 86కి దిగితే కంటైనరుకి 2 లక్షల 28 వేలు తగ్గే నెలలోనే, మీ తమ్ముడు పంపే అవే 3,000 దిర్హాములకి మీ అమ్మగారి చేతికి దాదాపు 1,630 రూపాయలు తక్కువ వస్తాయి. చిన్న మొత్తమే, కానీ దెబ్బ పడేది మాత్రం ఒకేవైపు. ఆ డబ్బు మీద లెక్క వేసుకుని ఇంటి లోను తీసుకుని ఉంటే, డాలరు ఎక్కువగా ఉన్న నెలల్లో వచ్చిన అదనాన్ని ఖర్చు చేయకుండా ఆరు వాయిదాలకి సరిపడా రూపాయల డిపాజిట్‌గా వేరుగా ఉంచండి. తమ్ముడు ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో వేసుకుంటే అది కూడా వేసిన రోజునే రూపాయలు అయిపోతుంది. విదేశీ కరెన్సీలోనే ఉంచాలనుకుంటే ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్ అడగమనండి. మీ కుటుంబ ఆదాయం మాత్రం ఇప్పటికే ఎక్కువగా డాలరు మీదే ఆధారపడి ఉంది, కాబట్టి ఆయన దాచుకునేదాంట్లో ఎక్కువ భాగం రూపాయల్లో ఉండటమే మేలు.